బీ-ట్రీ ఆర్డర్ 4: నోట్స్‌లో 4 కీలు, పుస్తకంలో 4 చిల్డ్రన్. ఏది పట్టుకోవాలి?

లహరి_సీఎస్ఈ

వచ్చే వారం డేటాబేస్ ఇంటర్నల్ ఉంది. బీ-ట్రీ దగ్గర ఆగిపోయాను, కాస్త సాయం చేయండి.

మా సార్ ఇచ్చిన నోట్స్‌లో ఇలా ఉంది: "ఆర్డర్ m ఉన్న బీ-ట్రీలో ఒక నోడ్‌లో m కీల వరకు ఉండవచ్చు. రూట్ తప్ప మిగతా ప్రతి నోడ్‌లో కనీసం m/2 కీలు ఉండాలి." లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకంలోనేమో ఆర్డర్ m అంటే ఒక నోడ్‌కి గరిష్ఠంగా m చిల్డ్రన్, కనీసం ⌈m/2⌉ చిల్డ్రన్ అని ఉంది. అంటే ఆర్డర్ 4 అయితే నోట్స్ ప్రకారం 2 నుంచి 4 కీలు, పుస్తకం ప్రకారం 1 నుంచి 3 కీలు.

అసైన్‌మెంట్‌లో ప్రశ్న ఇది. (ఎ) ఆర్డర్ 4 బీ-ట్రీలో 10, 20, 30, 40, 50, 60, 70, 80 వరసగా చేర్చి బొమ్మ గీయండి. (బి) దాన్నుంచి 80 తీసేయండి.

పుస్తకం పద్ధతిలో నేను చేస్తే ఇది వచ్చింది:

```
        [20 40 60]
[10]  [30]  [50]  [70 80]
```

నోట్స్‌లో సార్ వేసిన బొమ్మ ఇది:

```
        [30 60]
[10 20]  [40 50]  [70 80]
```

నాకు 5 నోడ్లు, సార్‌కి 4 నోడ్లు. రెండు నిర్వచనాల వల్లే ఈ తేడా వచ్చిందనుకుంటున్నాను. పరీక్షలో ఏది రాయాలి?

గేట్‌కీపర్

ఇందులో కన్ఫ్యూజన్ ఏముంది? ఆర్డర్ అంటే గరిష్ఠ చిల్డ్రన్ సంఖ్యే. కీలు దానికంటే ఒకటి తక్కువ. అన్ని పుస్తకాల్లోనూ ఇంతే. మీ నోట్స్‌లో తప్పు పడింది, ఆ లైను కొట్టేసి 3 కీలు అని రాసుకో. గేట్‌కి నేను రెండేళ్లుగా చదువుతున్నాను, వేరే నిర్వచనం ఎక్కడా చూడలేదు.

డీబీఏ_ప్రసాద్

అమ్మా, ఆర్డర్ 4 పెట్టుకుంటే ట్రీ ఎత్తు పెరిగిపోతుంది, లుకప్ స్లో అయిపోతుంది. నిజం సిస్టమ్స్‌లో ఇంత చిన్నది ఎవరూ పెట్టరు. మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీలో ఒక పేజీ 16 కేబీ, పోస్ట్‌గ్రెస్‌లో 8 కేబీ. ఒక్కో పేజీలో వందల కీలు పడతాయి. కోట్ల రికార్డులున్న టేబుల్‌కైనా మూడు నాలుగు లెవెల్స్ చాలు. మా ఆఫీసులో ఒక ఇండెక్స్ మీద పొడుగాటి స్ట్రింగ్ కాలమ్ పెట్టేసి పేజీకి పట్టే కీలు తగ్గిపోయి చాలా ఇబ్బంది పడ్డాం. కాబట్టి 4 కాకుండా పెద్దది తీసుకో.

నాని

ప్రసాద్ అన్నా, ఆమె ఇండెక్స్ పెట్టుకోవట్లేదు, ఇంటర్నల్ రాస్తోంది 😄

సుజాత_డల్లాస్

గేట్‌కీపర్ గారూ, "అన్ని పుస్తకాల్లోనూ ఇంతే" అన్నమాట మాత్రం ఒప్పుకోలేను. నేనిక్కడ ఎమ్మెస్ చేస్తూ డేటాబేస్ కోర్సుకి టీఏగా పేపర్లు దిద్దుతున్నాను. మా డేటాబేస్ పుస్తకం రామకృష్ణన్, గెర్కే రాసినది. అది బీ ప్లస్ ట్రీల గురించి చెబుతుంది. అందులో ఆర్డర్ d అంటే రూట్ కాని ప్రతి నోడ్‌లో d నుంచి 2d ఎంట్రీలు. అంటే ఆర్డర్ అనేది అక్కడ కనీస సంఖ్య. అదే సెమిస్టర్లో ఆల్గోరిథమ్స్ క్లాసులో కోర్మెన్ వాళ్ల పుస్తకం. అందులో బీ-ట్రీకి ఆర్డర్ అనే మాటే పెట్టకుండా మినిమమ్ డిగ్రీ t అని పెట్టారు. t−1 నుంచి 2t−1 కీలు.

లహరి ఇచ్చిన ప్రశ్నని d పద్ధతిలో చదివితే ఒక నోడ్‌లో 4 నుంచి 8 కీలు. ఎనిమిది కీలూ రూట్‌లోనే పడతాయి, ఒక్క స్ప్లిట్ కూడా జరగదు. నేను దిద్దిన పేపర్లలో అచ్చంగా ఇలా రాసినవాళ్లు ఉన్నారు.

గేట్‌కీపర్

అవి విదేశీ కోర్సుల సంగతి. ఇక్కడ పరీక్షల్లో చిల్డ్రన్ లెక్కే నడుస్తుంది. పైగా ఈ తేడాలన్నీ పేర్ల తేడాలే కదా. ఒక సంఖ్యని ఇంకో సంఖ్యగా మార్చుకుంటే సరిపోతుంది.

చాక్‌పీసు

నేను ఇంజనీరింగ్ కాలేజీలో ఇరవై ఏళ్లకు పైగా ఈ సబ్జెక్టే చెబుతున్నాను. నెమ్మదిగా చూద్దాం. లహరి అడిగిన దానిలో మూడు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి, నిర్వచనం వాటిలో ఒకటే.

ముందు గేట్‌కీపర్ చెప్పినది. ఆయన చెప్పిన నిర్వచనం నూత్ పుస్తకంలోది, మూడో సంపుటం, 1973లో వచ్చింది. మన సిలబస్‌లో ఎక్కువ వాడేదీ అదే. కానీ బీ-ట్రీని పుట్టించిన బేయర్, మెక్‌క్రైట్ 1972లో వేసిన పేపర్లో లెక్క కనీస కీల మీద ఉంది: k నుంచి 2k కీలు. 1979లో కోమర్ రాసిన సర్వే వ్యాసంలో కూడా ఆర్డర్ d అంటే d నుంచి 2d కీలే. కాబట్టి కనీస సంఖ్యని ఆర్డర్ అనడం పాత సంప్రదాయమే. సుజాత గారి కోర్సు కొత్తగా కనిపెట్టినదేం కాదు.

ఇక ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చుకోవచ్చన్న మాట సగమే నిజం. నూత్ లెక్కలో m ఎంతైనా ఉండవచ్చు, సరి సంఖ్యైనా బేసి సంఖ్యైనా. బేయర్ లెక్కలో గరిష్ఠ చిల్డ్రన్ 2d+1, అంటే ఎప్పుడూ బేసే. కోర్మెన్ లెక్కలో 2t, ఎప్పుడూ సరే. మీ ప్రశ్నలోని m = 4 ట్రీని కోర్మెన్ భాషలో t = 2 అని చెప్పగలం కానీ బేయర్ భాషలో చెప్పడానికి d ఏదీ లేదు. m = 5 అయితే తిరగబడుతుంది, d = 2 ఉంది, t లేదు.

లహరి_సీఎస్ఈ

సార్, మరి మా నోట్స్ నిర్వచనం వీటిలో ఏది? m కీలు అంటే m+1 చిల్డ్రన్. ఇది మూడింటిలోనూ పడట్లేదు కదా.

చాక్‌పీసు

పడుతుందమ్మా. నోట్స్ ప్రకారం ఆర్డర్ 4 అంటే 2 నుంచి 4 కీలు, 3 నుంచి 5 చిల్డ్రన్. అదే నూత్ భాషలో ఆర్డర్ 5. బేయర్ భాషలో ఆర్డర్ 2. ట్రీ ఒకటే, అంకె మారింది. కాబట్టి ఆ వాక్యాన్ని విడిగా చూస్తే తప్పేమీ లేదు.

అసలు చూడాల్సింది ఆ వాక్యానికీ సార్ వేసిన బొమ్మకీ పొత్తు ఉందా లేదా అన్నది. ఇప్పుడు నువ్వు చేసినదానికి వద్దాం. 10, 20, 30 చేరాక 40 వచ్చినప్పుడు నాలుగు కీలయ్యాయి, స్ప్లిట్ చేశావు. నాలుగింటికి ఒకే మధ్య కీ ఉండదు, రెండుంటాయి, 20, 30. నువ్వు ఏది పైకి పంపావు?

లహరి_సీఎస్ఈ

20 సార్. పుస్తకంలో ⌈m/2⌉వ కీ పైకి వెళ్తుందని ఉంది. 4/2 అంటే రెండోది.

చాక్‌పీసు

మంచిది. ఇప్పుడు అదే పుస్తకం నిర్వచనం ఉంచి, అంటే గరిష్ఠంగా 3 కీలే ఉంచి, 30ని పైకి పంపుతూ మళ్లీ చెయ్యి. ప్రతి స్ప్లిట్‌లోనూ నాలుగింటిలో మూడోది పైకి.

లహరి_సీఎస్ఈ

చేశాను. 40 దగ్గర 30 పైకి, [10 20] [40]. 50, 60 కుడి ఆకులో చేరి [40 50 60]. 70 దగ్గర నిండిపోయి 60 పైకి, [40 50] [70]. ఆ తర్వాత 80 చేరింది.

```
        [30 60]
[10 20]  [40 50]  [70 80]
```

ఇది సార్ బొమ్మే!

సుజాత_డల్లాస్

అవును, పుస్తకం నిర్వచనంతో కూడా ఆ బొమ్మ వస్తుంది. నేను నోట్స్ నిర్వచనంతోనూ చేసి చూశాను, 4 కీల వరకు. 50 దగ్గర మొదటి స్ప్లిట్, 30 పైకి, [10 20] [40 50]. 80 దగ్గర రెండో స్ప్లిట్, 60 పైకి. చివరికి ఇదే బొమ్మ! లహరి అనుకున్నట్టు 4 నోడ్లకీ 5 నోడ్లకీ తేడా నిర్వచనం వల్లే రావాల్సిన పని లేదు. ఏ మధ్య కీని పైకి పంపామన్నది చాలు.

గేట్‌కీపర్

అంటే బొమ్మ చూసి సార్ ఏ నిర్వచనం వాడారో చెప్పలేమా?

చాక్‌పీసు

ఈ ఒక్క బొమ్మతో చెప్పలేం. ఎనిమిది కీల దగ్గర రెండు దారులూ అనుకోకుండా కలిశాయి. మధ్యలో చూస్తే వేరువేరు, ఒకటి 40 దగ్గర చీలింది, ఇంకొకటి 50 దగ్గర. తర్వాత కూడా విడిపోతాయి. 90 చేర్చినా ఇంకా ఒకటే బొమ్మ. 100 చేరిస్తే 3 కీల ట్రీలో చివరి ఆకు మళ్లీ చీలి 90 పైకి వెళ్తుంది, 4 కీల ట్రీలో [70 80 90 100] అలాగే కూర్చుంటుంది.

అంతకంటే ముందే తేడా బయటపడే చోటు మీ (బి) ప్రశ్న. ఇద్దరి బొమ్మా ఒకటే అయినా 80 తీసేస్తే ఒకే జవాబు రాదు.

పుస్తకం లెక్కలో కనీసం 2 చిల్డ్రన్, అంటే 1 కీ. 80 తీస్తే [70] మిగిలింది, ఒక కీ ఉంది కాబట్టి పని అయిపోయింది. నోట్స్ లెక్కలో కనీసం 2 కీలుండాలి. [70] చాలదు. పక్కనున్న [40 50] నుంచి అప్పు తెచ్చుకుందామంటే దాని దగ్గరా సరిగ్గా రెండే ఉన్నాయి. కాబట్టి కలపాలి: 40, 50, పైనుంచి 60, ఆ తర్వాత 70.

```
పుస్తకం:       [30 60]
        [10 20] [40 50] [70]

నోట్స్:          [30]
        [10 20]   [40 50 60 70]
```

నాలుగు నోడ్లు ఒక చోట, మూడు ఇంకో చోట. (ఎ)కి ఎటు రాసినా మార్కులు పడవచ్చు, (బి) దగ్గర పట్టుబడతావు. లహరీ, నోట్స్‌లో (బి)కి జవాబు ఉందా? ప్రోగ్రామ్ ఏమైనా ఇచ్చారా?

లహరి_సీఎస్ఈ

ఇన్సర్ట్ ప్రోగ్రామ్ ఉంది సార్, డిలీట్ లేదు. ముఖ్యమైన లైన్లు పెడుతున్నాను:

```c
#define M 4
struct node {
    int n;
    int keys[M];
    struct node *child[M + 1];
};

/* కీ చేర్చిన తర్వాత */
if (p->n == M) split(p);

/* split లోపల */
mid = M / 2;   /* keys[mid] పైకి */
```

(బి) జవాబు నోట్స్‌లో కనపడలేదు, సీనియర్ల దగ్గర అడిగి చూస్తాను.

గేట్‌కీపర్

చూశారా, `keys[M]`, `child[M + 1]`. అంటే సార్ నిజంగానే 4 కీలు, 5 చిల్డ్రన్ వాడుతున్నారు. కోడ్ నోట్స్ వైపే ఉంది.

చాక్‌పీసు

అక్కడే చాలామంది పొరబడతారు. శ్రేణిలో ఎన్ని గడులున్నాయన్నది కాదు, స్ప్లిట్ ఎప్పుడు జరుగుతోందన్నది చూడాలి. ముందు కీని చేర్చేస్తున్నారు, చేర్చాక n విలువ M అయిందేమో చూసి వెంటనే చీలుస్తున్నారు. అంటే నాలుగో కీ ఆ నోడ్‌లో ఒక్క క్షణం ఉంటుంది, నిలవదు. నాలుగో గడి పొంగిన కీ కోసం పెట్టినది. ఐదో చైల్డ్ పాయింటర్ కూడా అందుకే. స్ప్లిట్ అయిపోయాక ఏ నోడ్‌లోనూ 3 కంటే ఎక్కువ కీలుండవు. 4 కీలు నిలవాలంటే గడులు `keys[M + 1]` అయ్యుండాలి, పరీక్ష `p->n > M` అయ్యుండాలి.

`mid = M / 2` అంటే 2. సీలో లెక్క సున్నా నుంచి కాబట్టి అది మూడో కీ, 30. బొమ్మలో 30, 60 పైకి రావడానికి కారణం ఇదే. అంటే సార్ బొమ్మ ఈ ప్రోగ్రామ్ నుంచి వచ్చి ఉండవచ్చు, ప్రోగ్రామేమో పుస్తకం నిర్వచనాన్నే అమలు చేస్తోంది.

నమ్మకం కుదరకపోతే ఒక పని చెయ్యి. 10, 20, 30, 40 మాత్రమే ఇచ్చి ట్రీని ప్రింట్ చేయించు.

లహరి_సీఎస్ఈ

ల్యాబ్‌లో చేశాను. రూట్ 30, ఎడమ [10 20], కుడి [40]. నలభైకే చీలింది. కుడి వైపు ఒకే కీ ఉంది! నోట్స్ వాక్యం ప్రకారం కనీసం రెండుండాలి కదా. అంటే నోట్స్‌లో నిర్వచనానికీ నోట్స్‌లో ప్రోగ్రామ్‌కీ పడట్లేదు.

చాక్‌పీసు

సరిగ్గా పట్టుకున్నావు. ఏ నిర్వచనాన్నైనా ఇలా పరీక్షించవచ్చు. పొంగిన నోడ్‌లో గరిష్ఠం కంటే ఒకటి ఎక్కువ కీలుంటాయి, ఒకటి పైకి పోతుంది, మిగిలింది రెండు ముక్కలవుతుంది. చిన్న ముక్కలో కనీస సంఖ్య ఉండాలి. గరిష్ఠం 4 అయితే ముక్కలు 2, 2. కనీసం 2 అన్నదానికి సరిపోయింది, అందుకే నోట్స్ వాక్యం తనంతట తాను బాగానే నిలబడుతుంది. గరిష్ఠం 3 అయితే ముక్కలు 1, 2. అక్కడ కనీసం 2 అంటే కుదరదు. ప్రోగ్రామ్ 3 దగ్గర ఆపుతోంది, వాక్యం 2 అడుగుతోంది.

వాక్యం ఎలా వచ్చిందన్నది నా ఊహే. ఎవరో `keys[M]` చూసి "m కీల వరకు" అని రాసి ఉండవచ్చు. లేదా రెండు వేర్వేరు చోట్ల నుంచి తీసి కలిపి ఉండవచ్చు. కొన్నేళ్లుగా చేతులు మారిన నోట్స్‌లో ఇది మామూలే.

సుజాత_డల్లాస్

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. నిర్వచనం ఒకటే అయినా ఆల్గోరిథమ్ వేరైతే ట్రీ మారుతుంది. కోర్మెన్ పద్ధతిలో కిందికి దిగుతున్నప్పుడే, దారిలో నిండిన నోడ్ కనపడితే ముందుగానే చీల్చేస్తారు. మళ్లీ పైకి రావాల్సిన పని ఉండదు. వాళ్లు 2t అని సరి సంఖ్య పెట్టుకోవడానికి ఇదీ ఒక కారణం. నిండిన నోడ్‌లో 2t−1 కీలు, మధ్యది పైకి పోతే రెండు వైపులా t−1, సరిగ్గా కనీసం. అదే m = 5 తీసుకుని ముందుగా చీల్చబోతే నాలుగు కీల్లో ఒకటి పైకి పోయి మూడు మిగులుతాయి, 1, 2గా విడిపోతాయి. కనీసం 2 ఉండాల్సిన చోట 1 వచ్చింది, ట్రీ చెడిపోయింది.

లహరి మొదట గీసిన 5 నోడ్ల ట్రీ t = 2 పద్ధతిలోనూ వస్తుంది. దానికి 90 చేర్చి చూడండి. లహరి పద్ధతిలో చివరి ఆకు [70 80 90] అవుతుంది, అంతే, ఇంకేం కదలదు. కోర్మెన్ పద్ధతిలో రూట్ [20 40 60] నిండి ఉంది కాబట్టి దిగకముందే చీలుతుంది, 40 కొత్త రూట్ అవుతుంది. ఆకులో ఖాళీ ఉన్నా ఒక లెవెల్ పెరిగింది. రెండూ చెల్లుబాటయ్యే ట్రీలే.

మేం పేపర్లు దిద్దేటప్పుడు ఇదే తలనొప్పి. ఇప్పుడు మా కోర్సులో ప్రశ్నలోనే "గరిష్ఠంగా ఇన్ని కీలు, పొంగాక చీల్చాలి, రెండు మధ్య కీలుంటే ఎడమది పైకి" అని రాసేస్తున్నాం. ఆర్డర్ అన్న మాటే తీసేశాం.

డీబీఏ_ప్రసాద్

ఇప్పుడర్థమైంది ప్రశ్న. అయితే ఒక మాట. మీరు ఈ కనీసం గురించి ఇంత కొట్టుకుంటున్నారు, నిజం సిస్టమ్స్‌లో అది అంత కచ్చితంగా ఉండదు. కీ సైజులు మారుతుంటాయి కాబట్టి లెక్క బైట్లలో ఉంటుంది. ఇన్నోడీబీలో డిలీట్ వల్ల పేజీ సగం కంటే ఖాళీ అయితే పక్క పేజీతో కలపడానికి ప్రయత్నిస్తుంది, ఆ సగం అన్నదీ `MERGE_THRESHOLD` పేరుతో మార్చుకోగలిగేదే, డీఫాల్ట్ 50. పోస్ట్‌గ్రెస్ అయితే సగం ఖాళీ అయిన పేజీల్ని కలపదు. పేజీ పూర్తిగా ఖాళీ అయితేనే వ్యాక్యూమ్ దాన్ని ట్రీలోంచి తీస్తుంది. మీ (బి) ప్రశ్నకి పోస్ట్‌గ్రెస్ జవాబు రాస్తే [70] అలాగే ఉంటుంది.

నాని

అయితే పరీక్షలో "పోస్ట్‌గ్రెస్ ప్రకారం" అని రాసెయ్ లహరీ.

లహరి_సీఎస్ఈ

సీనియర్ ఒకాయన పోయిన ఏడాది సొల్యూషన్ పంపారు. (బి)కి సార్ చేతిరాతలో జవాబు ఉంది. రూట్ [30], కింద [10 20], [40 50 60 70]. అంటే కలిపేశారు! ఆ నోడ్‌లో నాలుగు కీలున్నాయి. ప్రోగ్రామ్ ప్రకారం అది ఉండకూడని నోడ్. ఇప్పుడు టెన్షన్ ఇంకా పెరిగింది.

గేట్‌కీపర్

అంటే సార్ డిలీట్‌కి ఒక నిర్వచనం, ఇన్సర్ట్‌కి ఇంకొకటి వాడారు. మొదట్లోనే అన్నాను, నోట్స్ పక్కన పెట్టమని.

చాక్‌పీసు

పక్కన పెడితే (బి)లో మార్కులు పోతాయి. దిద్దేది ఆయనే కదా. చేతిరాత జవాబు 4 కీల లెక్కని గట్టిగా సూచిస్తోంది. థియరీలో ఆయన మనసులో ఉన్నది నోట్స్ వాక్యమే కావచ్చు, ప్రోగ్రామ్ ఎక్కడినుంచో తెచ్చినది కావచ్చు. బొమ్మ రెండింటికీ సరిపోయింది కాబట్టి ఆ తేడా ఇన్నాళ్లూ ఎవరి కంటా పడలేదు.

సార్‌ని నేరుగా అడుగు. "ఆర్డర్ అంటే ఏమిటి" అని అడగకు, నోట్స్‌లో ఉన్నదే చదివి వినిపిస్తారు. "ఆర్డర్ 4లో 10, 20, 30, 40 చేర్చాక ఎన్ని నోడ్లుంటాయి సార్" అని అడుగు. ఒకటి అంటే 4 కీల లెక్క. మూడు అంటే 3 కీల లెక్క.

లహరి_సీఎస్ఈ

సార్ ఊళ్లో లేరు. మా సీఆర్ ఫోన్ చేసి అడిగితే "నోట్స్ ఫాలో అవ్వండి" అన్నారట. మీరు చెప్పిన నాలుగు కీల ప్రశ్న అతను అడగలేదు.

నాని

నోట్స్‌లోనే రెండూ ఉన్నాయి. సార్ మాట తప్పినట్టూ కాదు, చెప్పినట్టూ కాదు.

సుజాత_డల్లాస్

జవాబు మొదటి లైన్లో "ఆర్డర్ 4: ఒక నోడ్‌లో 2 నుంచి 4 కీలు అని తీసుకుంటున్నాను" అని రాసి, దాని ప్రకారమే (ఎ), (బి) రెండూ చేయి. మధ్య స్టెప్పులు అన్నీ గీయి, 50 దగ్గర మొదటి స్ప్లిట్ కనపడేలా. ముందు ఏం అనుకున్నారో రాసి దానికి కట్టుబడిన జవాబుకి నేనైతే పూర్తి మార్కులు వేస్తాను. రెండు నిర్వచనాలతో రెండు జవాబులు మాత్రం రాయకు, ఏదో ఒకటి తగులుతుందని రాసినట్టు ఉంటుంది.

గేట్‌కీపర్

మీ దగ్గర వేస్తారేమో. ఇక్కడ కీ పేపర్ పక్కన పెట్టుకుని చివరి బొమ్మ చూసి దిద్దుతారు. యూనివర్సిటీ ఎక్స్‌టర్నల్‌కి వచ్చేసరికి దిద్దేది వేరే కాలేజీ వాళ్లు, వాళ్ల దగ్గర 3 కీల లెక్కే ఉంటుంది. నా మటుకు రెండూ రాయడమే సేఫ్.

చాక్‌పీసు

ఇంటర్నల్‌కి సుజాత గారు చెప్పినట్టు చెయ్యి. చేతిరాత జవాబు ఉంది కాబట్టి 4 కీల లెక్కే తీసుకో. ఎక్స్‌టర్నల్‌కి ప్రశ్నలో ఏమీ చెప్పకపోతే నేను మా పిల్లలకి చిల్డ్రన్ లెక్కే రాయమంటాను, ఊహ ముందు రాసి. నేను దిద్దేటప్పుడు ఆ మొదటి లైను చూస్తాను, అందరూ చూస్తారని మాత్రం చెప్పలేను. గేట్‌కీపర్ భయంలో అర్థముంది. కానీ రెండు జవాబులు రాస్తే కొన్నిచోట్ల మొదటిదే దిద్దుతారు, అదీ తెలుసుకోవాలి.

లహరి_సీఎస్ఈ

థాంక్స్ సార్, థాంక్స్ అక్కా. ఇంటర్నల్‌కి 2 నుంచి 4 కీలు అని రాసి చేస్తాను. సార్ సోమవారం వస్తారట, నాలుగు కీల ప్రశ్న నేనే అడుగుతాను.

ఇంకొక్కటి. బీ ప్లస్ ట్రీకి కూడా ఇదే గొడవ ఉంటుందా? నోట్స్‌లో తర్వాతి పేజీ అదే.

చాక్‌పీసు

ఇంకా ఎక్కువ. అక్కడ లోపలి నోడ్ లెక్క వేరు, ఆకు లెక్క వేరు. ఎల్మస్రి, నవాతే పుస్తకంలో ఆకుకి విడిగా ఒక ఆర్డర్ ఉంటుంది. సిల్బర్‌షాట్జ్ వాళ్లది ఒకే n, లోపలి నోడ్‌కి n చిల్డ్రన్ వరకు, ఆకుకి n−1 విలువల వరకు. మీ నోట్స్ పేజీ ఫోటో తీసి కొత్త థ్రెడ్‌లో పెట్టు, స్ప్లిట్ చేసే లైను కూడా కనపడేలా.